వారంటీలో ఉన్న డిష్‌వాషర్ మళ్ళీ మళ్ళీ పాడవుతుంటే సర్వీస్ సెంటర్‌కి కంప్లైంట్ లెటర్ ఎలా రాయాలి: మొదటి నుంచి చివరిదాకా

డిష్‌వాషర్ ఒకసారి పాడైతే ఫోన్ చేస్తాం, మనిషి వస్తాడు, బాగుచేసి వెళ్తాడు, దానికి లెటర్ ఎందుకండి. కానీ అదే కంప్లైంట్ రెండోసారి, మూడోసారి వస్తుంటే ఫోన్లతో పని జరగదు. ఎందుకంటే మీరు ఫోన్ చేసిన ప్రతిసారీ వాళ్ళ సిస్టంలో కొత్త కాల్ ఓపెన్ అవుతుంది, మనిషి వచ్చి వెళ్ళగానే అది క్లోజ్ అయిపోతుంది. మీకేమో ఇది నాలుగు నెలలుగా నడుస్తున్న ఒకే గొడవ, వాళ్ళ లెక్కలో మాత్రం మూడు కాల్స్, మూడూ సాల్వ్డ్.

లెటర్ చేయాల్సిన పని ఇదొక్కటే: ఆ విడివిడి కాల్స్ అన్నీ ఒకే లోపం అని కాగితం మీద కలిపి చూపించడం. కోపం చూపించడానికి కాదు. కింద చెప్పేదంతా దీని చుట్టూనే ఉంటుంది.

ఉదాహరణకి పాలకొల్లులో మా పిన్ని వాళ్ళింటి కేసు తీసుకుంటున్నాను. సైకిల్ అయిపోయాక కూడా మెషిన్ అడుగున మురికి నీళ్ళు నిలబడిపోయేవి, డ్రెయిన్ పంపు మార్చినా కొన్నాళ్ళకి మళ్ళీ అదే. తేదీలు మాత్రం అందరికీ అర్థమయ్యేలా నమూనాగా వేశాను.

## 1. ముందు కాగితాలు చేతిలోకి తెచ్చుకోండి

లెటర్ రాయడం అరగంట పని, కాగితాలు వెతకడమే అసలు పని. ఇవి కావాలి:

- కొన్న బిల్లు (షాపు పేరు, తేదీ కనబడేలా ఫోటో)
- వారంటీ కార్డు, వెనకాల చిన్న అక్షరాల పేజీతో సహా
- మోడల్ నంబర్, సీరియల్ నంబర్. మెషిన్ తలుపు తెరిస్తే తలుపు అంచు మీదో, లోపలి ఫ్రేమ్ మీదో స్టిక్కర్ ఉంటుంది, దాన్ని ఫోటో తీయండి
- ప్రతి కంప్లైంట్ నంబర్, మెసేజ్ స్క్రీన్‌షాట్‌తో
- టెక్నీషియన్ వచ్చిన ప్రతిసారి జాబ్ షీట్
- నీళ్ళు నిలబడిన ఫోటో, వీడియో

జాబ్ షీట్ ఇప్పుడు చాలామంది కాగితం మీద ఇవ్వట్లేదు, మెసేజ్‌లో లింక్ పంపుతున్నారు. కొన్నాళ్ళకి ఆ లింక్ ఓపెన్ అవ్వకపోవచ్చు కాబట్టి వచ్చిన రోజే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. పాతవి లేకపోతే కంగారు పడొద్దు. కస్టమర్ కేర్‌కి "ఈ సీరియల్ నంబర్ మెషిన్‌కి ఇప్పటిదాకా జరిగిన సర్వీస్ హిస్టరీ మొత్తం పంపండి" అని రెండు లైన్ల మెయిల్ పెట్టండి. వాళ్ళు పంపితే రికార్డు వచ్చినట్టే, పంపకపోతే మనం అడిగినట్టు మెయిల్ ఉంటుంది.

ఇక్కడే ఓటీపీ సంగతి చెప్పాలి. పని అయిపోగానే టెక్నీషియన్ "అమ్మా, మీ ఫోన్‌కి ఓటీపీ వచ్చింది చెప్పండి" అంటాడు. ఆ నంబర్ చెప్పారంటే మీ కంప్లైంట్ తీరిపోయిందని మీరే ఒప్పుకున్నట్టు. కాబట్టి మెషిన్ తన ఎదురుగా నీళ్ళు తీసుకుని, కడిగి, మొత్తం బయటికి పంపేదాకా ఓటీపీ ఇవ్వకండి. పూర్తి సైకిల్ రెండు గంటల పైన పడుతుంది, అంతసేపు అతను ఉండలేడు, అది నిజమే, అందుకే చిన్న సైకిల్ గానీ రిన్స్ సైకిల్ గానీ పెట్టించి చివర్లో నీళ్ళు పోవడం చూడండి. అప్పటికీ తొందరపెడితే జాబ్ షీట్ మీద సంతకం పక్కన "పూర్తి సైకిల్ వేసి చూడలేదు" అని మీ చేత్తో రాసి సంతకం పెట్టండి. ఈ నాలుగు మాటలు తర్వాత చాలా పనికొస్తాయి.

## 2. వాళ్ళు చెప్పబోయే కారణాలకి ముందే ఆధారం పెట్టుకోండి

వారంటీ క్లెయిమ్ తప్పించుకోవడానికి సర్వీస్ సెంటర్ వాళ్ళ నోట్లో రెడీగా ఉండే మాటలు నాలుగు: మీ నీళ్ళు మంచివి కావు, ఫిల్టర్ కడగట్లేదు, మీ కరెంట్ బాలేదు, ఎలుక వైరు కొరికింది. మన డెల్టాలో ఈ నాలుగూ నమ్మశక్యంగానే ఉంటాయి, అందుకే లెటర్‌కి ముందు ఒక పూట వీటి మీద పెట్టండి. నిజంగా తప్పు మన వైపే ఉంటే అదీ ఇప్పుడే తెలిసిపోతుంది.

నీళ్ళు. కాలవలు పారినన్నాళ్ళు కుళాయి నీళ్ళు మెత్తగా ఉంటాయి, దాళ్వా కోతలయ్యాక కాలవలు కట్టేస్తే చాలా ఇళ్ళలో బోరు నీళ్ళే ట్యాంకులోకి ఎక్కుతాయి, నరసాపురం, రాజోలు వైపు సముద్రం దగ్గరకి పోయేకొద్దీ ఆ బోర్లు ఉప్పగా ఉంటాయి. అంటే ఒకే ఇంట్లో ఏడాదిలో రెండు రకాల నీళ్ళు. మెషిన్‌లో నీటి కాఠిన్యం సెట్టింగ్ ఒకసారి పెట్టి వదిలేస్తే ఎండాకాలంలో అది సరిపోదు. టెస్ట్ స్ట్రిప్‌తో కాఠిన్యం చూసి, సెట్టింగ్ మార్చి, రెండూ ఫోటో తీయండి. టీడీఎస్ మీటర్ నంబర్ దీనికి పనికిరాదు, అది నీళ్ళలో కరిగినవన్నీ కలిపి చెప్తుంది, కాఠిన్యం ఒక్కటే విడిగా చెప్పదు. డిష్‌వాషర్ సాల్ట్ కొన్న బిల్లులు కూడా ఉంచండి.

ఇంకో మాట, కఠిన నీళ్ళ వల్ల వచ్చేవి గ్లాసుల మీద తెల్ల మచ్చలు, హీటర్ మీద పొర, స్ప్రే ఆర్మ్ రంధ్రాలు మూసుకుపోవడం లాంటివి. డ్రెయిన్ పంపుకి అసలు కరెంటే అందకపోతే దానికీ నీళ్ళకీ సంబంధం ఏంటి? "మీ నీళ్ళ వల్లే" అంటే "ఏ భాగం మీద పొర పట్టింది, తీసి చూపించండి, జాబ్ షీట్‌లో రాయండి" అని అడగండి.

ఫిల్టర్. మన ఇళ్ళలో చేపల పులుసు దాకలు, రొయ్యల వేపుడు మూకుళ్ళు పడతాయి కాబట్టి ముల్లో, రొయ్య పొట్టో ఫిల్టర్ దాటి పంపులోకి పోతే ఫ్యాన్ ఇరుక్కుపోతుంది. దాన్ని కంపెనీ లోపం అనలేం. మెషిన్ స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, ఫిల్టర్ విప్పి, అడుగు నీళ్ళు తోడేసి, గుంటలో ఏముందో టార్చ్ వేసి చూడండి. శుభ్రంగా ఉంటే వీడియో తీయండి. మెషిన్ స్క్రూలు మాత్రం విప్పొద్దు, బయట మెకానిక్ చేత విప్పించొద్దు, ఆ ఒక్క కారణంతో వారంటీ పోతుంది.

శబ్దం. ఇది చాలామంది వదిలేసే ఆధారం. నీళ్ళు బయటికి పోయే సమయంలో మెషిన్ దగ్గర నిలబడి వినండి. పంపు గూంమని మోగుతూ నీళ్ళు పోకపోతే ఎక్కడో అడ్డం పడినట్టు, పైపు మడత పడి ఉండొచ్చు. అసలు చప్పుడే లేకపోతే పంపు కాలిపోయి ఉండాలి లేదా బోర్డు నుంచి పంపుకి కరెంట్ రావట్లేదు. పిన్ని వాళ్ళ మెషిన్‌లో మూడుసార్లూ చప్పుడు లేదు. ఈ ఒక్క వాక్యం లెటర్‌లో పడితే "ఫిల్టర్ కడుక్కోండి" అనే జవాబుకి దారి మూసుకుపోతుంది.

కరెంట్, ఎలుకలు. స్టెబిలైజర్ ఉంటే దాని రీడింగ్ ఫోటో, ఎర్తింగ్ ఉన్న 16 ఆంప్స్ సాకెట్ ఫోటో సరిపోతాయి. ఎలుక కొరికిన వైరుకి వారంటీ వర్తించదని కార్డుల్లో మామూలుగా ఉంటుంది. మెషిన్ వెనకాల, కింద ఎలుక పెంట లాంటిది ఉందేమో చూసి, లేకపోతే ఆ ఖాళీ చోటు ఫోటో తీసి పెట్టుకోండి.

## 3. తేదీల వరుస రాసుకోండి

లెటర్‌కి గుండె ఇదే. ప్రతిసారికీ నాలుగు విషయాలు చాలు: ఎప్పుడు ఆగింది, ఎప్పుడు వచ్చారు, ఏం చేశారు, ఎన్నాళ్ళు పనిచేసింది. మా నమూనా కేసు ఇలా వచ్చింది:

- 18-06-2025 ఆగింది. 21-06-2025 వచ్చారు. ఫిల్టర్ శుభ్రం చేశామన్నారు. 39 రోజులు పనిచేసింది.
- 30-07-2025 ఆగింది. 04-08-2025 వచ్చారు. డ్రెయిన్ పంపు మార్చారు. 36 రోజులు పనిచేసింది.
- 09-09-2025 ఆగింది. 15-09-2025 వచ్చారు. మళ్ళీ డ్రెయిన్ పంపు మార్చారు. 21 రోజులు పనిచేసింది.
- 06-10-2025 మళ్ళీ ఆగింది.

ఇలా వరుసలో పెట్టాక రెండు విషయాలు వాటంతటవే బయటపడతాయి. ఒకటి, రిపేర్‌కి రిపేర్‌కి మధ్య గడువు తగ్గుతోంది. రెండు, కొత్త పంపులు వరసగా రెండు పోయాయంటే లోపం పంపులో కాదు, పంపుని పాడుచేస్తున్నదో, దానికి కరెంట్ ఆపుతున్నదో వేరే ఏదో ఉంది. ఈ ప్రశ్న లెటర్‌లో అడిగితే మళ్ళీ ఇంకో పంపు పట్టుకొచ్చి పెట్టేసి పోవడం వాళ్ళకి కష్టం.

## 4. ఏం కావాలో ముందే తేల్చుకోండి

"తగిన చర్య తీసుకోగలరు" అని రాస్తే ఏ చర్యా రాదు. అలాగని మొదటి లైన్‌లోనే "కొత్త మెషిన్ ఇవ్వండి" అంటే వారంటీ కార్డు చూపిస్తారు, ఎందుకంటే చాలా కార్డుల్లో ఉచితంగా రిపేర్ చేయడమే హామీ, మెషిన్ మార్చడం కంపెనీ ఇష్టం అని ఉంటుంది. పైగా మన ఊళ్ళో సర్వీస్ సెంటర్ చాలావరకు కంపెనీది కాదు, కంపెనీ కాంట్రాక్ట్ ఇచ్చిన వాళ్ళది, మెషిన్ మార్చే అధికారం వాళ్ళ చేతిలో ఉండదు.

అందుకని మెట్లుగా అడగాలి. మొదటిది, సీనియర్ టెక్నీషియన్ ఫలానా తేదీలోపు వచ్చి అసలు కారణం కనిపెట్టి రాతపూర్వకంగా ఇవ్వాలి, ఖర్చు లేకుండా బాగుచేయాలి. రెండోది, ఆ తర్వాత కూడా ఇదే లోపం వస్తే మెషిన్ మార్చాలి లేదా డబ్బు వెనక్కి ఇవ్వాలి. మూడోది, మెషిన్ మూలన పడున్న రోజులు వారంటీకి కలపాలి. ఈ మూడోదానికి వాళ్ళు ఒప్పుకోవాలని రూలేం లేదు, చాలా కార్డుల్లో రిపేర్ వల్ల వారంటీ పెరగదనే ఉంటుంది, అయినా అడగండి, బేరంలో వదులుకోవడానికైనా చేతిలో ఒకటి ఉంటుంది.

## 5. లెటర్ నమూనా

ఒక పేజీ దాటకూడదు. సర్వీస్ సెంటర్‌కి తెలుగులో రాసినా సరే, కంపెనీ హెడ్ ఆఫీసుకి వెళ్ళే కాపీ మాత్రం ఇవే వాస్తవాలతో ఇంగ్లీషులో పంపితే పని త్వరగా అవుతుంది.

> తేదీ: 08-10-2025
>
> సర్వీస్ సెంటర్ మేనేజర్ గారికి,
> (సర్వీస్ సెంటర్ పేరు, చిరునామా)
>
> కాపీలు: కంపెనీ కస్టమర్ కేర్ విభాగం, మెషిన్ అమ్మిన షాపు
>
> విషయం: వారంటీలో ఉన్న డిష్‌వాషర్‌లో ఒకే లోపం నాలుగోసారి. మోడల్ ______, సీరియల్ నంబర్ ______, కంప్లైంట్ నంబర్లు ______
>
> అయ్యా,
>
> పై డిష్‌వాషర్‌ని 12-10-2024న ______ షాపులో కొన్నాం. రెండేళ్ళ వారంటీ 11-10-2026 వరకు ఉంది.
>
> సైకిల్ చివర్లో నీళ్ళు బయటికి పోకుండా అడుగున నిలబడిపోతున్నాయి. ఆ సమయంలో డ్రెయిన్ పంపు శబ్దం అసలు రావడం లేదు. ఈ లోపం 18-06-2025, 30-07-2025, 09-09-2025 తేదీల్లో వచ్చింది. మీ టెక్నీషియన్ 21-06-2025న ఫిల్టర్ శుభ్రం చేశారు, 04-08-2025న, 15-09-2025న డ్రెయిన్ పంపు మార్చారు. రిపేర్ తర్వాత మెషిన్ పనిచేసిన కాలం 39, 36, 21 రోజులు. 06-10-2025న మళ్ళీ అదే లోపం వచ్చింది.
>
> వీటిని వేరువేరు కంప్లైంట్లుగా కాక, ఇప్పటివరకు సరికాని ఒకే లోపంగా నమోదు చేయమని కోరుతున్నాం. రెండు కొత్త పంపులు మార్చినా లోపం తిరిగి వచ్చింది కాబట్టి అసలు కారణం ఏమిటో చెప్పాలి.
>
> ఫిల్టర్, దాని కింద గుంట శుభ్రంగా ఉన్నాయి. డ్రెయిన్ పైపు మడతపడలేదు. నీటి కాఠిన్యానికి తగ్గ సెట్టింగ్ ఉంది, సాల్ట్ వాడుతున్నాం. ఫోటోలు, వీడియో జతచేస్తున్నాం. మెషిన్‌ని బయటివారెవరూ విప్పలేదు.
>
> మా కోరికలు:
> 1. సీనియర్ టెక్నీషియన్ 18-10-2025 లోపు వచ్చి వైరింగ్, కంట్రోల్ బోర్డుతో సహా పరీక్షించి, కారణం రాసిచ్చి, ఉచితంగా సరిచేయాలి.
> 2. ఆ తర్వాత ఇదే లోపం వస్తే మెషిన్ మార్చాలి లేదా కొన్న ధర తిరిగి ఇవ్వాలి.
> 3. మొదటి మూడుసార్లు మెషిన్ ఆగిన 14 రోజులు, 06-10-2025 నుంచి బాగయ్యేవరకు రోజులు వారంటీకి కలపాలి.
>
> ఆ తేదీలోపు రాతపూర్వక జవాబు రాకపోతే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద ముందుకు వెళ్తాం.
>
> ఇట్లు,
> (పేరు, చిరునామా, ఫోన్, సంతకం)
>
> జతచేసినవి: బిల్లు, వారంటీ కార్డు, జాబ్ షీట్లు 3, ఫోటోలు, వీడియో మెయిల్‌లో

బిల్లు ఎవరి పేరు మీద ఉందో వాళ్ళ సంతకమే ఉండాలి. కొడుకు హైదరాబాద్ నుంచి ఆన్‌లైన్‌లో బుక్ చేసి అమ్మకి పంపిన మెషిన్ అయితే కొడుకు పేరు మీద రాసి, "మెషిన్ పాలకొల్లులో మా తల్లిగారి ఇంట్లో ఉంది" అని ఒక లైన్ కలపండి.

## 6. పంపే పద్ధతి

వాట్సాప్‌లో పెట్టేసి ఊరుకోవద్దు. ముందు మెయిల్, అందులోనే కంపెనీ కస్టమర్ కేర్‌కి, షాపుకి కాపీ. అదే రోజు కాగితం లెటర్ స్పీడ్ పోస్ట్‌లో పంపండి, రసీదు దాచండి, అందినట్టు చూపించే ట్రాకింగ్ పేజీ స్క్రీన్‌షాట్ తీయండి. 2025లో పాత రిజిస్టర్డ్ పోస్ట్‌ని స్పీడ్ పోస్ట్‌లో కలిపేశారు, కాబట్టి కౌంటర్‌లో స్పీడ్ పోస్ట్ అని అడిగి, అందినట్టు రుజువు కూడా కావాలని చెప్పండి.

సర్వీస్ సెంటర్ భీమవరంలోనో రాజమండ్రిలోనో దగ్గర్లో ఉంటే నేరుగా ఇచ్చి, మీ కాపీ మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. స్టాంపు వేయం అన్నారంటే అక్కడ వాదించకుండా బయటికొచ్చి పోస్టులో వేసేయండి.

## 7. ఎక్కువగా జరిగే తప్పులు, వాటి సవరణ

"మెషిన్ సరిగ్గా పనిచేయట్లేదు" అని రాయడం. దీంట్లోంచి ఎవరికీ ఏం అర్థం కాదు. ఏ సైకిల్‌లో, ఏ దశలో, ఏం కనబడింది, స్క్రీన్ మీద ఏ కోడ్ వచ్చింది, ఉన్నది ఉన్నట్టు రాయండి. కోడ్ అర్థం మీరు చెప్పక్కర్లేదు.

టెక్నీషియన్ని తిట్టడం. ఆ కుర్రాడు ఇచ్చిన పార్టు పెట్టి పోతాడు, రోజుకి ఎన్నో ఇళ్ళు తిరుగుతాడు. అతని మీద రాస్తే లెటర్ మనుషుల గొడవగా మారి మెషిన్ గొడవ పక్కకి పోతుంది. పేరు కాదు, జాబ్ షీట్ నంబర్ రాయండి.

ఒరిజినల్స్ ఇచ్చేయడం. బిల్లు, వారంటీ కార్డు, ఏవైనా జిరాక్స్ మాత్రమే.

అన్ని బాధలూ ఒకే లెటర్‌లో పెట్టడం. నీళ్ళు నిలబడటంతో పాటు రాక్ చక్రం ఊడింది, గ్లాసులు మెరవట్లేదు అని కూడా రాస్తే, చక్రం మార్చేసి కంప్లైంట్ క్లోజ్ చేస్తారు. తిరిగి తిరిగి వస్తున్న ఒక్క లోపమే రాయండి, మిగతావి వేరే కాల్.

వారంటీ అయిపోవచ్చిందని ఫోన్ల మీద రోజులు గడపడం. గడువు దగ్గరైతే లెటర్ ఆ వారమే వెళ్ళాలి. లోపం వారంటీలో ఉండగానే మొదలైందని తేదీలతో రాస్తే, తర్వాత గడువు దాటినా వాదన నిలబడుతుంది.

## 8. లెటర్ తర్వాత

రెండు మూడు రోజుల్లో ఫోన్ వస్తుంది, "మేడం, రేపు మనిషిని పంపిస్తాం, ఆ మెయిల్ క్లోజ్ చేయండి" అంటారు. మర్యాదగానే "రమ్మనండి, బాగయ్యాక రాసిస్తాం" అనండి. ఫోన్‌లో ఏం మాట్లాడినా అదే రోజు "మీరు ఇలా చెప్పారు" అని చిన్న మెయిల్ పెట్టండి.

వచ్చిన సీనియర్ టెక్నీషియన్ మళ్ళీ పంపు డబ్బాతో దిగితే, లెటర్ కాపీ చేతికిచ్చి, పంపు కనెక్టర్ దగ్గర వోల్టేజ్ వస్తోందో లేదో మీటర్ పెట్టి చూడమనండి. పిన్ని వాళ్ళింట్లో అలా చూశాకే బోర్డు నుంచి పంపుకి వెళ్ళే కనెక్టర్ లోపల పిన్ను నల్లబడిపోయి ఉందని తేలింది. పంపు మార్చిన ప్రతిసారీ ఆ కనెక్టర్ పీకి పెట్టడం వల్ల కొన్నాళ్ళు అంటుకుని పనిచేసేది, తర్వాత మళ్ళీ పోయేది. బోర్డు, వైరింగ్ రెండూ ఉచితంగా మార్చారు, కారణం జాబ్ షీట్‌లో రాయించుకున్నాం, వారంటీ రోజులు మాత్రం కలపలేదు.

చెప్పిన తేదీ దాటినా జవాబు లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి లేదా consumerhelpline.gov.in లో నమోదు చేయండి, వాళ్ళు కంపెనీకి పంపి జవాబు అడుగుతారు. కానీ వాళ్ళు తీర్పు ఇవ్వరు, మధ్యలో ఉండి మాట్లాడతారు అంతే. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, కంపెనీ ఆఫీసు ఎక్కడుందో అక్కడికి పోనక్కర్లేదు. e-jagriti.gov.in లో ఆన్‌లైన్‌గా కూడా వేయొచ్చు. వస్తువుకి కట్టిన ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు. లోపం సరిచేయమని, వస్తువు మార్చమని, డబ్బు వెనక్కి ఇవ్వమని కమిషన్ ఆదేశించొచ్చు. కంపెనీతో పాటు సర్వీస్ సెంటర్‌ని, అమ్మిన షాపుని కూడా అందులో చేర్చండి, లెటర్ కాపీ షాపుకి కూడా పంపమన్నది అందుకే. వివాదానికి కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్ళలోపు వేయాలి. ఉత్తరాలు రాస్తూ ఉన్నంత మాత్రాన ఆ గడువు ఆగదు, కాబట్టి మొదటిసారి మెషిన్ ఆగిన తేదీ పక్కన రెండేళ్ళ తర్వాతి తేదీ కూడా రాసి పెట్టుకుని, దానికి బాగా ముందే కేసు వేసేయండి.